ఆస్పిరిన్ రిపోర్టులో సామగ్రి జాబితా

ఆస్పిరిన్ తయారీ రిపోర్టులో ‘సల్ఫ్యూరిక్ ఆమ్లం, 5 చుక్కలు’ అని రాస్తే చాలదు. గాఢత 98 శాతమని కూడా చెప్పాలి. నీళ్లు కలిపిన ఆమ్లం వాడితే ఆ నీరు ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మార్చేస్తుంది, దిగుబడి పడిపోతుంది. అందుకే ఫ్లాస్కు పక్కన ‘50 మి.లీ., శంఖాకారం, పొడిది’ అని ఉండాలి. ఆ చివరి మాటనే చాలామంది వదిలేస్తారు.

సాలిసిలిక్ ఆమ్లం 2.00 గ్రాములంటే 14.5 మిల్లీమోల్‌లు. ఎన్‌హైడ్రైడ్ ద్రవం కాబట్టి 5.0 మి.లీ.ని సాంద్రత 1.08తో గుణించాలి. 5.4 గ్రాములు, అంటే సుమారు 53 మిల్లీమోల్‌లు వస్తాయి. ముందుగా అయిపోయేది సాలిసిలిక్ ఆమ్లమే కనుక ఆస్పిరిన్ 2.61 గ్రాములకు మించి రాదు. ‘2.00’ అని రాయాలంటే త్రాసు 0.01 గ్రాము వరకూ చూపగలగాలి. ఆ వివరమూ జాబితాలో ఉండాలి.