మరిచిపోయిన వైఫై పాస్‌వర్డ్: ఐటీ కార్యాలయానికి రాసే లేఖ

ఇంట్లో వైఫైకి అందరికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్ ఉంటుంది. కళాశాల వైఫైలో చాలాచోట్ల ప్రతి విద్యార్థికీ విడిగా ఒక ఖాతా ఇస్తారు. యూజర్‌నేమ్ సాధారణంగా హాల్‌టికెట్ నంబరే. ఏ ఖాతాతో, ఏ పరికరం నుంచి, ఏ సమయంలో నెట్‌వర్క్‌లోకి వచ్చారో అంతా ఆ పేరు మీదే నమోదవుతుంది. కాబట్టి పాస్‌వర్డ్ మరిచిపోయినప్పుడు పక్క గదిలో ఉన్నవాళ్లను అడిగితే పని జరగదు. తన ఖాతాకు కొత్త పాస్‌వర్డ్ పెట్టమని విద్యార్థి ఐటీ కార్యాలయానికి లేఖ ఇవ్వాలి.

ఈ లేఖలో చాలామంది చేసే పొరపాటు మొదటి వాక్యంలోనే కనిపిస్తుంది. ‘నా పాస్‌వర్డ్ తెలియజేయగలరు’ అని రాస్తారు. సక్రమంగా నడిచే వ్యవస్థలో ఆ పాస్‌వర్డ్ కార్యాలయం వాళ్లకు కూడా తెలియదు. విద్యార్థి పెట్టుకున్న పదాన్ని సర్వర్ ఉన్నదున్నట్టు దాచదు. దాన్ని ఒక గణిత ప్రక్రియలో వేసి, వచ్చిన ఫలితాన్ని మాత్రమే దాస్తుంది. దీన్ని హ్యాష్ అంటారు. ఉదాహరణకు, ఎవరైనా `password` అనే పదాన్నే పాస్‌వర్డ్‌గా పెట్టుకుంటే, విండోస్ సర్వర్ పద్ధతిలో దాని హ్యాష్ ఇలా ఉంటుంది:

```
8846f7eaee8fb117ad06bdd830b7586c
```

పిండిని మళ్లీ గింజలుగా మార్చలేనట్టే, ఈ వరుస నుంచి అసలు పదాన్ని నేరుగా వెనక్కి తెచ్చే మార్గం లేదు. అందుకే పాతది చెప్పమని కాక, దాన్ని రద్దు చేసి కొత్తది ఇవ్వమని అడగాలి. రీసెట్ అంటే అదే.

లేఖ రాసేముందు చూసుకోవలసింది, సమస్య నిజంగా పాస్‌వర్డ్‌దేనా అని. వైఫైకి ఫోన్ కలిసింది కానీ `No internet` అని చూపిస్తోందంటే, లోపం చాలావరకు వేరేచోట ఉన్నట్టు. అదే గదిలో మిగతావాళ్ల ఫోన్లూ కలవకపోతే, అది ఆ అంతస్తులోని యాక్సెస్ పాయింట్ సమస్య కావచ్చు. మిగతావాళ్లకు కలుస్తూ, ఒక్కరికే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మళ్లీ మళ్లీ అడుగుతుంటే ఖాతాను అనుమానించాలి. కొన్ని కళాశాలల్లో వైఫైకి కలిశాక బ్రౌజర్‌లో లాగిన్ పేజీ తెరుచుకుంటుంది. అలాంటిచోట లాప్‌టాప్ బ్రౌజర్ పాస్‌వర్డ్‌ను ఇదివరకే దాచి ఉంచవచ్చు. బ్రౌజర్ సెట్టింగ్స్‌లోని పాస్‌వర్డ్‌ల జాబితాలో అది దొరికితే లేఖ అవసరమే ఉండదు.

అక్కడా దొరకకపోతే లేఖ రాయాలి. వేసవి సెలవుల్లో ఫోన్ మార్చి, తిరిగి హాస్టల్‌కు వచ్చిన ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని లేఖ ఇలా ఉండవచ్చు:

తేదీ: 08-07-2024

ఐటీ విభాగం అధికారి గారికి,

విషయం: క్యాంపస్ వైఫై ఖాతా పాస్‌వర్డ్ రీసెట్ చేయుట గురించి.

అయ్యా,

నేను బి.టెక్ మూడో సంవత్సరం కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. నా హాల్‌టికెట్ నంబరు 22XX1A0547. వైఫై యూజర్‌నేమ్ కూడా ఇదే. సెలవుల్లో ఫోన్ మార్చడం వల్ల అందులో ఉన్న పాస్‌వర్డ్ పోయింది, నాకు గుర్తు లేదు. నిన్న సాయంత్రం 7 గంటల ప్రాంతంలో హాస్టల్ రెండో అంతస్తులో నాలుగైదు సార్లు ప్రయత్నించాను, కలవలేదు. అక్కడే మా గదిలో వాళ్లకు వైఫై పనిచేస్తోంది. దయచేసి నా పాస్‌వర్డ్ రీసెట్ చేసి, ఖాతా లాక్ అయి ఉంటే అది కూడా తీయగలరు. గుర్తింపు కార్డు నకలు జతచేశాను. అసలు కార్డు వెంట తెస్తాను. ప్రవేశ సమయంలో ఇచ్చిన ఫోన్ నంబరే ఇప్పటికీ వాడుతున్నాను.

ఇట్లు,
మీ విధేయురాలు,
(సంతకం, పేరు, తరగతి, సెక్షన్)

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైనది హాల్‌టికెట్ నంబరు. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల తరహాలో ఉన్న ఈ నంబరులో మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం, తర్వాతి రెండు అక్షరాలు కళాశాల కోడ్. 05 అనేది కంప్యూటర్ సైన్స్ శాఖ, చివరి రెండూ విద్యార్థి వరుస. ఒకే పేరున్నవాళ్లు ఒకే తరగతిలో ఇద్దరు ఉండవచ్చు గానీ, ఈ నంబరు ఇద్దరికి ఉండదు. సున్నాకు బదులు ఇంగ్లిష్ ఓ అక్షరం పడితే ఆ నంబరుతో ఖాతాయే దొరకదు, చివరి అంకె తారుమారైతే రీసెట్ ఇంకొకరి ఖాతాకు జరిగిపోవచ్చు.

రెండోది సమయం, స్థలం. ‘వైఫై రావడం లేదు’ అన్న మాటతో కార్యాలయం ఏమీ తేల్చలేదు. నిన్న సాయంత్రం 7 గంటలని రాస్తే సర్వర్ లాగ్‌లో ఆ సమయానికి ఈ నంబరుతో ఏం జరిగిందో చూడగలుగుతారు. తప్పు పాస్‌వర్డ్ అని ఉందా, ఖాతా లాక్ అయిందని ఉందా, అసలు ప్రయత్నమే సర్వర్‌దాకా రాలేదా అన్నది అక్కడ తెలుస్తుంది. ఈ మూడింటికీ పరిష్కారాలు వేరు.

మూడోది గుర్తింపు. ఇతరుల హాల్‌టికెట్ నంబరు నోటీసు బోర్డు మీది ఫలితాల జాబితాలో ఎవరికైనా దొరుకుతుంది. నంబరొక్కటే చూసి రీసెట్ చేస్తే, ఒకరి ఖాతా మరొకరి చేతికి పోతుంది. ఆ తర్వాత జరిగే ప్రతి పనీ అసలు ఖాతాదారు పేరు మీదే నమోదవుతుంది. అందుకే గుర్తింపు కార్డుతో స్వయంగా రమ్మనడం, కొన్నిచోట్ల విభాగాధిపతి సంతకం అడగడం, లేదా ప్రవేశ సమయంలో నమోదైన ఫోన్ నంబరుకే కోడ్ పంపడం చేస్తారు. కళాశాల ఈమెయిల్ నుంచి రాసినా గుర్తింపుగా పనికొస్తుంది. అయితే చాలాచోట్ల ఈమెయిల్‌కూ వైఫైకీ పాస్‌వర్డ్ ఒకటే కనుక, అది మరిచిపోతే ఆ దారి కూడా మూసుకుపోవచ్చు.

లేఖలో రాయకూడనివీ ఉన్నాయి. గుర్తున్నంతవరకు పాత పాస్‌వర్డ్, ఫలానా కొత్త పాస్‌వర్డ్ పెట్టమన్న కోరిక, ఆధార్ నంబరు అందులో ఉండకూడదు. ఆ కాగితం ఫైలులో చేరి నలుగురి చేతులు మారుతుంది.

లేఖ అందాక కార్యాలయం మొదట ఖాతా స్థితి చూస్తుంది. వరుసగా తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టడం వల్ల లాక్ మాత్రమే అయి ఉంటే, దాన్ని తీసేస్తే చాలు. పాస్‌వర్డ్ నిజంగానే మరిచిపోతే తాత్కాలిక పాస్‌వర్డ్ ఒకటి ఇస్తారు. దాన్ని వెంటనే మార్చుకోవాలి, ఎందుకంటే ఆ క్షణానికి అది ఇద్దరికి తెలుసు.

రీసెట్ అయిన కొద్దిసేపటికే ఖాతా మళ్లీ లాక్ అవడం తరచూ జరుగుతుంది. పై విద్యార్థినికి ఇంట్లో వాడిన పాత లాప్‌టాప్ ఒకటి ఉందనుకుందాం. అందులో పాత పాస్‌వర్డ్ దాగి ఉంది. ఆమె దాన్ని హాస్టల్‌లో తెరిచిన ప్రతిసారీ అది తనంతట తానే పాత పాస్‌వర్డ్‌ను సర్వర్‌కు పంపుతుంది. ఐదు తప్పులకు లాక్ అనే నియమం ఉన్నచోట, కొత్త పాస్‌వర్డ్‌ను ఫోన్‌లో సరిగ్గా కొట్టినా లాప్‌టాప్ చేసే తప్పుల వల్ల ఖాతా మూసుకుపోతుంది. కాసేపు పనిచేసి, లాప్‌టాప్ తెరవగానే ఆగిపోతే కారణం ఇదేనని అనుమానించాలి. రీసెట్ రోజునే తన పరికరాలన్నిటిలో ఆ నెట్‌వర్క్ పేరు మీద `Forget` నొక్కి, కొత్త పాస్‌వర్డ్‌తో మళ్లీ కలపాలి. పరికరం ఒక్కటి మిగిలినా రెండో లేఖ రాయవలసి వస్తుంది.