గేదె ఈనలేని రాత్రి

నెలలు నిండిన గేదె పొద్దుటి నుంచి లేస్తూ పడుకుంటూ, పొట్టను కాలితో తన్నుకుంటూ గిలగిలలాడి సాయంత్రానికి నెమ్మదించిందంటే, గండం గడిచిందని ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. పశువుల డాక్టరుకు మాత్రం అక్కడే గుబులు మొదలవుతుంది. నొప్పులు వచ్చి, ఉమ్మనీటి బుడగ కనపడకుండానే ఆగిపోయాయంటే లోపల గర్భసంచి మెలిపడి ఉండవచ్చు. గేదెల్లో ఈత కష్టమవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఆవుల్లో కంటే గేదెల్లోనే ఎక్కువ.

గోదావరి డెల్టాలో ఒక పల్లె అనుకోండి. ఊరి పేరు, మనుషుల పేర్లు అక్కర్లేని కథ ఇది. ఇందులో డాక్టరమ్మ వేసే అడుగులు మాత్రం అలాంటి రాత్రుల్లో పశువైద్యులు నిజంగా వేసేవే.

రాత్రి పదకొండు దాటాక ఫోన్ వచ్చింది. మూడో ఈత గ్రేడెడ్ ముర్రా గేదె. పది నెలలు నిండి నాలుగైదు రోజులైంది.

"ఉమ్మనీటి బుడగ కనపడిందా?"

"లేదమ్మా. పొదుగు చేపుకొచ్చింది, తోక మొదట్లో గుంటలు పడ్డాయి. పొద్దున్నే ఈనుతుందనుకున్నాం."

"ఎవరన్నా సూది వేశారా?"

"పక్కూరి ఆయన నొప్పుల సూది వేస్తానన్నాడు. మిమ్మల్ని అడిగి చేద్దామని ఆగాం."

"మంచిపని చేశారు. వెయ్యనివ్వొద్దు. ఎవరినీ చెయ్యి కూడా పెట్టనివ్వకండి. వస్తున్నా."

నొప్పుల సూది గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేస్తుంది. దారి తెరిచి ఉంటే దూడ బయటికొస్తుంది. దారి మెలితిరిగి మూసుకుపోయి ఉంటే ఆ ఒత్తిడికి గర్భసంచి చిరిగే ప్రమాదం ఉంది. అందుకే లోపల ఏముందో తెలియకుండా ఆ సూది వెయ్యకూడదు.

పాకలో లైటు కింద గేదె నిలబడి ఉంది. మేత ముట్టలేదు. డాక్టరమ్మ చేతికి పొడుగు గ్లౌజు తొడిగి, నూనె రాసుకుని, యోనిలోకి చెయ్యి పోనిచ్చింది. చెయ్యి తిన్నగా పోలేదు. గోడలు తడిబట్ట పిండినట్టు మడతలు పడి ఉన్నాయి, చేతిని కుడివైపు తిప్పుకుంటూ పోతున్నాయి. గర్భసంచి మూతి అందలేదు. తర్వాత పేడదారిలోంచి చూసింది. గర్భసంచిని రెండు వైపులా పట్టి ఉంచే పొరల్లో ఎడమవైపుది పైనుంచి అడ్డంగా కుడివైపుకు బిగుసుకుని ఉంది. కుడివైపుది కిందికి జారింది. మెలి కుడివైపే. ఈ రెండో పరీక్షను హడావుడిలో వదిలెయ్యకూడదు. వైద్యమంతా మెలి ఎటు పడిందన్నదాని మీదే ఉంది, దాన్ని తప్పుగా పోల్చుకుంటే మెలి ఇంకా బిగుస్తుంది.

గర్భసంచి గోడ మీదుగానే వేళ్లకు దూడ కదలిక తగిలింది. బతికే ఉంది.

"ఎందుకిలా అయిందమ్మా? మేమేం తప్పు చేశాం?" ఇంటావిడ గొంతు వణికింది.

తప్పేమీ లేదు. చూడి ఒక కొమ్ములోనే పెరుగుతుంది కాబట్టి బరువంతా ఒక పక్కకే వేలాడుతుంది. దాన్ని పట్టి ఉంచే పొరలు గేదెల్లో అంత బలంగా ఉండవు. గేదె లేచేటప్పుడు ముందు వెనక కాళ్ల మీద లేస్తుంది, ఆ క్షణంలో నిండు గర్భసంచి ఊగుతుంది. చెరువులో దొర్లినా, కాలు జారినా, లోపల దూడ గట్టిగా కదిలినా అది తిరగబడవచ్చు. ఎడమవైపు పెద్దపొట్ట అడ్డు ఉంటుంది కనుక ఎక్కువ మెలికలు కుడివైపే పడతాయి.

ఇప్పుడేం చెయ్యాలి? దారి మూసుకుపోయాక లాగడమన్న మాటే లేదు. మిగిలినవి రెండే. గేదెను దొర్లించి మెలి విప్పడం, లేదా పొట్ట కోసి దూడను తియ్యడం. మెలిపడినప్పుడు ముందు నొక్కుకుపోయేవి పల్చటి సిరలు. రక్తం వెనక్కి రాలేక గర్భసంచిలోనే నిలిచి వాస్తుంది, దూడకు ప్రాణవాయువు తగ్గుతుంది, గోడ పెళుసవుతుంది, చుట్టుపక్కల పొరలకు అంటుకుంటుంది. ఒకటిన్నర రోజు దాటిన కేసుల్లో దొర్లించినా విడిపోయే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఈ గేదెకు బాధ మొదలై ఇంకా ఒక రోజు కాలేదు, దూడ బతికుంది. నిండు గేదెను ఈ రాత్రి ట్రాక్టరెక్కించి పెద్దాసుపత్రికి తోలితే ఆ కుదుపులు, ఆలస్యం రెండూ నష్టమే. ఆమె నిర్ణయం ఇక్కడే చేద్దామని.

"మూడు సార్లు దొర్లిద్దాం, మహా అయితే నాలుగు. అప్పటికీ విడకపోతే కొయ్యాలి. దానికీ సిద్ధంగా ఉండండి" అని ముందే చెప్పింది. నాకు ఈ మాట చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఎక్కడ ఆగాలో మొదట్లోనే అనుకోకపోతే, ఇంకొక్కసారి ఇంకొక్కసారి అంటూ తెల్లవారిపోతుంది. అలిసిపోయిన గేదెకు ఆపరేషన్ తట్టుకునే శక్తి మిగలదు.

ఆరేడుగురు పోగయ్యారు. కట్టుబడిలో ఉన్న ఇంటి నుంచి పది అడుగుల సెంట్రింగ్ చెక్క తెచ్చారు. మెత్తటి నేల మీద వరిగడ్డి మందంగా పరిచి, పలుపులతో గేదెను కుడివైపుకు పడుకోబెట్టారు. ముందు కాళ్లు రెండూ కలిపి, వెనక కాళ్లు రెండూ కలిపి కట్టారు. చెక్క ఒక కొన నేల మీద, ఇంకో వైపు గేదె పైడొక్క మీద ఆనింది. ఒకతను చెక్క మీద నిలబడ్డాడు. మిగతావాళ్లు కాళ్లు పైకి లేపి, వీపు మీదుగా ఎడమవైపుకు నెమ్మదిగా దొర్లించారు.

మెలి కుడివైపు తిరిగి ఉంటే గేదెనూ అటే తిప్పడమేమిటని చాలామందికి అనిపిస్తుంది. చెక్క బరువు గర్భసంచిని కదలకుండా నొక్కి పెడుతుంది. దాని చుట్టూ గేదె ఒళ్లు తిరిగి, మెలి ఎంత ముందుకు పోయిందో అంతా పోయి దాన్ని అందుకుంటుంది. ఒళ్లూ సంచీ ఒకే తీరుకు వస్తే మెలి లేనట్టే.

మొదటిసారి దొర్లించాక చెయ్యి పెట్టి చూసింది. మడతలు అలాగే ఉన్నాయి, కానీ బిగుసుకోలేదు, అంటే దిక్కు సరైనదే. రెండోసారికి సగం వదులయ్యాయి. మూడోసారి చెక్కను పొట్టకు ఇంకాస్త కిందుగా జరిపించి దొర్లించారు. ఈసారి చెయ్యి తిన్నగా లోపలికి పోయింది, ఉమ్మనీరు బుస్సున బయటికొచ్చింది.

మెలి విడినంత మాత్రాన పని అయిపోదు. చాలా గేదెల్లో మూతి తెరుచుకోదు. అప్పుడు మందులిచ్చి కొన్ని గంటలు చూడాలి, అప్పటికీ తెరుచుకోకపోతే ఆపరేషనే. ఇక్కడ మూతి తెరిచే ఉంది. రెండు ముందు గిట్టలు, వాటి మీద మూతి తగిలాయి. గిట్టల మధ్య గిల్లితే దూడ కాలు వెనక్కి లాక్కుంది. కీలు పైన తాళ్లు వేసి, గేదె ముక్కినప్పుడే ఇద్దరు మనుషులు కాళ్లను ఒకదాని తర్వాత ఒకటి లాగారు. నలుగురైదుగురు కలిసి గుంజితే దూడ కాళ్లు విరుగుతాయి, తల్లికి దారి చిరుగుతుంది.

పెయ్య దూడ. ముక్కులో జిగురు తీసి, గడ్డితో ఒళ్లంతా రుద్దాక ఊపిరి తీసింది. ఇలాంటి కేసుల్లో దూడ చనిపోయి పుట్టడం మామూలే, వీళ్ల అదృష్టం బాగుంది. గేదెకు సెలైను ఎక్కించి, యాంటీబయాటిక్ ఇచ్చి, మాయ పడిందో లేదో పొద్దున చెప్పమని, వేలాడుతుంటే దానికి బరువులు కట్టొద్దని చెప్పింది డాక్టరమ్మ.

గేదెలు పెంచేవాళ్లు గుర్తుంచుకోవలసినది ఇదీ. నెలలు నిండిన గేదె నొప్పులు పడుతున్నట్టే ఉండి, ఐదారు గంటలైనా ఉమ్మనీటి బుడగ కనపడకపోతే తెల్లారనివ్వకండి. సూది వెయ్యనివ్వకండి, లాగనివ్వకండి. బాధ ఎన్ని గంటలకు మొదలైందో రాసుకుని డాక్టరుకు ఫోన్ చెయ్యండి. ఆయన వచ్చేలోపు ఆరుగురు మనుషుల్ని, ఒక పొడవాటి చెక్కను, గట్టి పలుపుల్ని సిద్ధంగా ఉంచండి.