వెయ్యి మెగావాట్లు... సాయంత్రం ఏడింటికి ఎన్ని?

పునరుత్పాదక ఇంధనాల మీద క్లాసులో ప్రజెంటేషన్ ఇవ్వమంటే పిల్లలు సౌర, పవన, జల, జీవ ఇంధనాలకు తలా ఒక స్లైడు వేసి, కింద ‘లాభాలు’, ‘నష్టాలు’ అని రెండు గళ్లు గీస్తారు. ఏ లాభం ఏ నష్టంతో ముడిపడి ఉందో అందులో కనిపించదు. అలా కాకుండా ఒక్క ప్రాజెక్టును పట్టుకుని నాలుగు స్లైడ్లు నడపండి. మన కర్నూలు సోలార్ పార్కునే తీసుకుందాం.

మొదటి స్లైడు మీద ఫొటో, దాని కింద ‘1000 మెగావాట్లు, సుమారు 6000 ఎకరాలు’ అన్న ఒక్క ముక్క చాలు. మిగతాదంతా నోట్సులో, మాట్లాడే భాషలోనే రాసుకోవాలి: ‘2017లో పూర్తయిన ఈ పార్కులో ఒక్కో మెగావాటుకు దాదాపు ఆరెకరాలు పట్టింది. బొగ్గు కాలదు, పొగ రాదు. కానీ నేల కావాలి. పలకల మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది, దాన్ని కడగాలంటే నీళ్లు కావాలి. రాయలసీమలో ఎండకు కొదవ లేదు, నీళ్లకే కొదవ.’

అన్నిటికన్నా ముఖ్యమైంది రెండో స్లైడు. తెర మీద ఒకటే ప్రశ్న: ‘1000 మెగావాట్లంటే రోజుకు ఎన్ని యూనిట్లు?’ అడిగి కాసేపు ఆగండి. ఒక మెగావాటు గంటసేపు నడిస్తే 1000 యూనిట్లు. ఆ లెక్కన 24 గంటలకు 2.4 కోట్లు అని ఎవరో ఒకరు చెబుతారు. అప్పుడు నోట్సు చూడండి: ‘అది రోజంతా సూర్యుడు నడినెత్తిన ఉంటే వచ్చే లెక్క. రాత్రి సున్నా. పొద్దునా సాయంత్రం కొంచెమే. ఏడాది సగటు ఐదో వంతు అనుకుంటే రోజుకు 48 లక్షల యూనిట్లు.’ ఆ ‘అనుకుంటే’ను మాత్రం మింగేయకండి. చోటును బట్టి, పలకల రకాన్ని బట్టి ఈ వంతు మారుతుంది.

మూడో స్లైడులో రెండు గీతలు గీయండి. సౌర విద్యుత్తు గీత మధ్యాహ్నం ఎత్తుకు చేరి, సాయంత్రం ఏడింటికి నేలకు దిగుతుంది. సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, టీవీలు, ఏసీలు వేస్తారు. గాలిమరలు రాత్రిపూటా తిరుగుతాయి. అయితే మన దగ్గర గాలి జోరు ఎక్కువగా నైరుతి రుతుపవనాల నెలల్లోనే.

నాలుగోది నిల్వ. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు ఆరున్నాయి. అవి కరెంటు ఇవ్వడమే కాదు, వెనక్కి తిరిగి నీటిని పైకి తోడగలిగేలా కట్టినవి. మిగులు కరెంటుతో నీటిని పైకి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదలడమే ఈ పద్ధతి. ఇలా తోడటానికి 100 యూనిట్లు ఖర్చయితే తిరిగొచ్చేది సుమారు 75 నుంచి 80. పైగా దిగువన నీళ్లు నిలిచి ఉంటేనే తోడగలం.

‘అయితే సోలార్ వద్దా?’ అని క్లాసులో తప్పకుండా అడుగుతారు. కావాలి. పగలు కాల్చే బొగ్గును అది నిజంగానే తగ్గిస్తుంది. కానీ సాయంత్రం వాడే సౌర విద్యుత్తు ధరలో నిల్వ ఖర్చు కూడా కలపాలి. అది కలపని స్లైడు సగం లెక్కే చెప్పినట్టు.