ఫొటోలోని బొమ్మ, టవర్ ఎత్తు

ఫోన్‌లో ఫొటో తీసిన లెక్క బొమ్మ మీద స్కేలు, కోణమాపకం పెట్టి కొలవకూడదు. కెమెరా వంగితే కోణాలు మారి కనిపిస్తాయి. బొమ్మ మీద రాసిన అంకెలనే నమ్మాలి.

ఒక బొమ్మలో నిటారు టవర్, దానికి ఒకే వైపున నేల మీద రెండు బిందువులు ఉన్నాయనుకుందాం. దగ్గరి బిందువు నుంచి టవర్ కొనకు ఊర్ధ్వకోణం 60°, దూరపు బిందువు నుంచి 30°. రెండు బిందువుల మధ్య 40 మీటర్లు. టవర్ ఎత్తు h, దగ్గరి బిందువుకూ టవర్ అడుగుకూ మధ్య దూరం x అనుకోవాలి. ఎత్తు కోణానికి ఎదుటి భుజం, నేల ఆసన్న భుజం. కర్ణంతో పని లేదు కాబట్టి టాన్ చాలు.

tan 60° = h/x, అంటే h = √3x
tan 30° = h/(x + 40), అంటే √3h = x + 40

మొదటిదాన్ని రెండోదాంట్లో పెడితే 3x = x + 40. x = 20 మీటర్లు, ఎత్తు 20√3, సుమారు 34.64 మీటర్లు.

అసలు పొరపాటు 40 దగ్గరే జరుగుతుంది. ఫొటో మసకగా ఉంటే దాన్ని టవర్ అడుగు నుంచి దూరపు బిందువు దాకా ఉన్న దూరంగా చదివేస్తారు. అప్పుడు ఎత్తు 23.1 మీటర్లే వస్తుంది. అలా చదివితే 60° కోణంతో అవసరమే ఉండదు. ఇచ్చిన కోణం మిగిలిపోయిందంటే బాణం గుర్తుల చివరలను మళ్లీ చూడాలి. కోణాలను నేల నుంచి కాక మనిషి కంటి నుంచి గీసి ఉంటే, వచ్చిన ఎత్తుకు కంటి ఎత్తు కూడా కలపాలి.