బల్బు పోయింది... అంటే ఏమైంది?

ఈ మధ్య జోల్వాలో మా దగ్గర తెలుగు చదివే పదో తరగతి పిల్లలు విద్యుత్ వలయాల మీద ఒక ప్రదర్శన ఇచ్చారు. వాళ్లు బడిలో సైన్సు ఇంగ్లీషులో చదువుతారు, వీధిలో గుజరాతీ, హిందీ మాట్లాడతారు. ఇక్కడ మాత్రం స్లైడ్లన్నీ తెలుగులో తయారుచేశారు. శ్రేణి సంధానం, సమాంతర సంధానం, ఓమ్ నియమం అన్నీ చక్కగా అప్పజెప్పారు. చివర ప్రశ్నలు అడిగే పని మా మీద పడింది. ముందురోజే ఫిజిక్స్ సారుని సలహా అడిగాం. "సూత్రాలు అడక్కండి మేడమ్, అవి అందరికీ వచ్చు. ఒక బల్బు పోతే మిగతావి ఏమవుతాయో అడగండి" అన్నారాయన.

మొదటి ప్రశ్న తేలికే. రెండు బల్బులు శ్రేణిలో, అంటే ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. ఒకటి పోతే? "రెండోది కూడా ఆరిపోతుంది" అని అందరూ ఒక్కసారే అన్నారు. సమాంతరంగా ఉంటే? "రెండోది మామూలుగానే వెలుగుతుంది." ఇదీ సరే. మన ఇళ్లలో ఫ్యాను పాడైనా లైటు వెలుగుతూనే ఉంటుందిగా.

అసలు గొడవ మూడో ప్రశ్నతో మొదలైంది. బల్లమీద 6 వోల్టుల బ్యాటరీ, ఒకే రకం బల్బులు మూడు ఉన్నాయనుకోండి. బ్యాటరీ నుంచి వచ్చిన తీగ ముందు 'ఎ' బల్బులోంచి వెళ్తుంది. ఆ తర్వాత రెండు దారులుగా చీలుతుంది. ఒక దారిలో 'బి', ఇంకో దారిలో 'సి'. రెండు దారులూ మళ్లీ కలిసి బ్యాటరీకి చేరతాయి. ఇప్పుడు 'బి' పోయింది. 'ఎ', 'సి' ఏమవుతాయి?

"ఏమీ కావు మేడమ్, బి, సి సమాంతరం కదా" అన్నారు ఎక్కువమంది. ఒకమ్మాయి మాత్రం, "పోయింది అంటే ఏమైంది మేడమ్?" అని ఎదురు ప్రశ్న వేసింది. ఆరోజు అడిగిన ప్రశ్నలన్నింటిలో మంచి ప్రశ్న అదే, అడిగింది మేము కాకపోయినా!

మన తెలుగులో బల్బు 'పోయింది', ఫ్యూజు 'పోయింది', మోటారు 'పోయింది', చివరికి కరెంటు కూడా 'పోయింది'. అన్నిటికీ ఒకటే మాట. కానీ వలయంలో ఒక భాగం రెండు విధాలుగా పోవచ్చు. లోపలి సన్నతీగ తెగిపోతే దారి మూసుకుపోతుంది, ప్రవాహం అటు వెళ్లలేదు. దీన్ని ఓపెన్ అంటారు. అలా కాకుండా బల్బు రెండు కొసలూ ఒకదానికొకటి తగులుకుంటే ప్రవాహానికి అడ్డే లేని దారి దొరుకుతుంది. దీన్ని షార్ట్ అంటారు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, బల్బు వెలగదు. మిగతా బల్బుల మీద ప్రభావం మాత్రం పూర్తిగా తలకిందులుగా ఉంటుంది. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ప్రతి బల్బు నిరోధం 10 ఓమ్‌లు అనుకుందాం. అన్నీ బాగున్నప్పుడు బి, సి రెండూ కలిసి 5 ఓమ్‌లలా పనిచేస్తాయి. దానికి ఎ తాలూకు 10 కలిపితే మొత్తం 15. 6 వోల్టులను 15తో భాగిస్తే ప్రవాహం 0.4 ఆంపియర్లు. అంటే 'ఎ'కి 4 వోల్టులు, బి, సిలకు చెరో 2 వోల్టులు అందుతాయి. ఎ కాంతిగానూ, బి, సి మందంగానూ వెలుగుతాయి.

ఇప్పుడు బి తెగిపోయింది. మిగిలినవి ఎ, సి. అవి ఒకదాని వెంట ఒకటి ఉన్నట్టే. మొత్తం నిరోధం 20 ఓమ్‌లు, ప్రవాహం 0.3 ఆంపియర్లు. చెరో 3 వోల్టులు. అంటే ఎ కాంతి తగ్గుతుంది, సి కాంతి పెరుగుతుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే 'సి' వాడుకునే శక్తి ఇదివరకు 0.4 వాట్లు, ఇప్పుడు 0.9. రెట్టింపు దాటింది. "ఏమీ కావు" అన్నవాళ్లు ఇక్కడే తప్పారు. సమాంతరంగా ఉన్నవి ఒకదాన్నొకటి పట్టించుకోవనే మాట, వాటి రెండు కొసలూ నేరుగా బ్యాటరీకి తగిలినప్పుడే నిజం. ఇక్కడ మధ్యలో ఎ అడ్డుగా ఉంది. ఇంట్లో గీజరు కట్టగానే లైటు కాంతి ఒక పిసరు పెరగడం ఎప్పుడైనా చూశారా? స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగకు ఉండే కొద్దిపాటి నిరోధమే అక్కడ 'ఎ' పాత్ర పోషిస్తుంది.

సరే, బి తెగలేదు, షార్ట్ అయిందనుకోండి. ప్రవాహమంతా అడ్డులేని ఆ దారినే పోతుంది. సి పక్కనే క్షేమంగా ఉన్నా దానికి అందేది సున్నా వోల్టులు, అందుకే ఆరిపోతుంది. 'ఎ'కి మొత్తం 6 వోల్టులూ వచ్చిపడతాయి. అది ధగధగా వెలిగి, తట్టుకోలేకపోతే మాడిపోతుంది. కాబట్టి చీకటిగా ఉన్న 'బి'ని చూసి ఏమీ చెప్పలేం. దాని పక్కవాటిని చూస్తే ఏం జరిగిందో తెలుస్తుంది.

ఇది చేసి చూడాలనుకుంటే ఒక చిక్కుంది. బల్బులో తీగ వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరుగుతుంది, కాబట్టి అంకెలు మన లెక్కకు సరిగ్గా కుదరవు. కాంతి పెరుగుతుందా తగ్గుతుందా అన్నది మాత్రం తప్పదు. అంకెలు కూడా దగ్గరగా రావాలంటే బల్బుల బదులు వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్లు మూడు పెట్టి మల్టీమీటరుతో కొలవండి. మూడూ సమానం కాబట్టి వోల్టులు పైన చెప్పినవే వస్తాయి, ఏదీ వేడెక్కదు.

చివరి ప్రశ్న పండగ దీపాల గురించి అడిగాం. సూరత్‌లో గణపతి మండపాలు చూడని పిల్లలు ఎవరున్నారు! 40 చిన్న బల్బులను శ్రేణిలో గుచ్చిన పాతకాలం సీరియల్ సెట్టు ఒకటి ఉందనుకుందాం. 230 వోల్టులు 40 వాటాలైతే ఒక్కో బల్బుకు ఆరు వోల్టులకు కాస్త తక్కువ. ఒక బల్బు తెగింది, దండంతా ఆరింది. ఆ తెగిన బల్బు రెండు కొసల మధ్య ఎన్ని వోల్టులు ఉంటాయి? "సున్నా" అన్నారు, కొందరు "ఆరు" అన్నారు. జవాబు 230. ప్రవాహమే లేనప్పుడు మిగతా 39 బల్బులు ఒక్క వోల్టు కూడా ఖర్చుపెట్టవు, కాబట్టి మొత్తం వచ్చి తెగినచోటే నిలబడుతుంది. చచ్చిన బల్బు కదా అని దాని హోల్డర్లో వేలు పెట్టకూడనిది అందుకే. ఈ ప్రయోగం ఎవరూ చేయకండి, లెక్కతోనే సరిపెట్టుకోండి.

ఆ 230 వోల్టులను వాడుకునే యుక్తి ఒకటుంది. కొన్ని రకాల చిన్న బల్బుల అడుగున సన్నని తీగ ఒకటి చుట్టి ఉంటుంది. దానిమీద పలుచని ఆక్సైడ్ పూత. ఆరు వోల్టులను ఆ పూత ఆపగలదు, 230ని ఆపలేదు. బల్బు తెగగానే పూత చిట్లి, ఆ తీగే దారి అవుతుంది. అంటే ఓపెన్ అయిన బల్బు తనంతట తాను షార్ట్‌గా మారుతుంది! మిగతా 39 మళ్లీ వెలుగుతాయి. కాకపోతే వాటా కాస్త పెరిగింది. ఒకటి పోయిందని మార్చకుండా వదిలేస్తే, పది పోయేసరికి మిగిలిన ఒక్కోదానిమీద దాదాపు 7.7 వోల్టులు పడతాయి. ఆ తర్వాత అవి ఇంకా త్వరత్వరగా పోతాయి.

గంట కొట్టేశారు, ఒక ప్రశ్న మిగిలిపోయింది. అదే మూడు బల్బుల వలయంలో 'బి' కాకుండా 'ఎ' పోతే? తెగితే ఏమవుతుందో, షార్ట్ అయితే ఏమవుతుందో వేరువేరుగా రాసి, బి, సిల వోల్టులతో సహా మాకు చూపించండి.