సంక్రాంతి సెలవుల్లో గడువు తీరితే?

2021 ఏప్రిల్ 6, మన గడియారంలో సాయంత్రం ఐదున్నర. ఫోర్ట్‌నైట్ ఆటను నడిపే ఎపిక్ గేమ్స్ సంస్థలో ఒక సర్టిఫికెట్ గడువు తీరింది. ఆ వెంటనే లాగిన్లు విఫలమయ్యాయి, ఆటలు మొరాయించాయి, కొనుగోళ్లు ఆగిపోయాయి. 37 నిమిషాల్లో కొత్త సర్టిఫికెట్ చేతికొచ్చింది. అయినా వ్యవస్థ మొత్తం కుదుటపడటానికి దాదాపు ఐదున్నర గంటలు పట్టింది. సర్వర్లు కోలుకుంటున్న సమయంలో లక్షల కంప్యూటర్లలోని ఎపిక్ లాంచర్ ఆగకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ వాటిని ముంచెత్తింది.

ఆటగాళ్లకు కనిపించే వెబ్‌సైటు సర్టిఫికెట్ కాదది. సంస్థ లోపల ఒక సర్వర్ మరో సర్వర్‌తో మాట్లాడేటప్పుడు చూపించుకునేది. తర్వాత ఎపిక్ తన తప్పులను తానే బయటపెడుతూ ఒక నివేదిక రాసింది. లోపలి పేర్లపై గడువు నిఘా లేదు. ఆటోమేటిక్ రెన్యూవల్ పెట్టుకోలేదు. పైగా వందలాది సేవలకు ఒకే ‘వైల్డ్‌కార్డ్’ సర్టిఫికెట్, అంటే ఒక డొమైన్ కింది పేర్లన్నింటికీ చెల్లేది, వాడారు. అందువల్ల పడితే అన్నీ ఒకేసారి పడ్డాయి. సంస్థ లోపలి సర్టిఫికెట్ల వ్యవస్థలో వచ్చే చిక్కులు చాలావరకు ఈ మూడింట్లోనే ఉంటాయి.

బ్రౌజర్‌లో బ్యాంకు సైటు తెరిచినప్పుడు ఆ సైటు తన సర్టిఫికెట్ చూపిస్తుంది. అందులో సైటు పేరు, దాని పబ్లిక్ కీ, గడువు తేదీ, జారీ చేసిన సర్టిఫికెట్ అథారిటీ సంతకం ఉంటాయి. ఆ అథారిటీని బ్రౌజర్ ముందే నమ్ముతుంది కాబట్టి సైటునూ నమ్ముతుంది. కానీ కంపెనీ లోపలి జీతాల సర్వర్ పేరు `payroll.corp.internal` లాంటిది. ఇలాంటి పేర్లకు బయటి అథారిటీలు 2015 నవంబరు నుంచి సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. బయట కొన్న డొమైన్ పేరు పెట్టుకుంటే ఇస్తాయి గానీ, ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టూ బహిరంగ లాగ్‌లలోకి ఎక్కుతుంది. లోపల ఏయే సర్వర్లున్నాయో ఊరంతా చదువుకోవచ్చు. అందుకే చాలా సంస్థలు సొంత అథారిటీ పెట్టుకుంటాయి. దాన్నే ఇంటర్నల్ సీఏ అంటారు. దీనికి స్టెప్-సీఏ, హ్యాషికార్ప్ వాల్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

సీఏకు రెండు అంతస్తులుంటాయి. పైన రూట్. దాని ప్రైవేట్ కీని నెట్‌వర్క్‌కు తగలకుండా బీరువాలోనో, హెచ్‌ఎస్‌ఎం అనే భద్రతా పరికరంలోనో దాస్తారు. కింద ఇంటర్మీడియట్. రోజూ సర్టిఫికెట్ల మీద సంతకం పెట్టేది ఇదే. ఇంటర్మీడియట్ కీ దొంగలపాలైతే రూట్‌తో ఇంకొకటి చేసుకోవచ్చు. రూటే పోతే మాత్రం ఉద్యోగుల ప్రతి ల్యాప్‌టాప్‌లో, ప్రతి సర్వర్‌లో నమ్మకాన్ని మళ్లీ మొదటి నుంచి నాటుకోవాలి. అందుకే రూట్‌కు 10 నుంచి 20 ఏళ్లు, ఇంటర్మీడియట్‌కు అయిదేళ్ల దాకా గడువు పెట్టడం పరిపాటి.

పదేళ్లకోసారి చేసే పని పదేళ్లలో మరచిపోతారన్నదే దీంతో ఇబ్బంది. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకు 2019 మే 4న ఇలాగే జరిగింది. బ్రౌజర్‌కు తగిలించుకునే యాడ్-ఆన్‌ల మీద సంతకానికి వాడే ఇంటర్మీడియట్ గడువు తీరడంతో ప్రపంచమంతటా జనం యాడ్-ఆన్‌లు పనిచేయడం మానేశాయి. కొత్త ఇంటర్మీడియట్ చేద్దామంటే రూట్ కీ ఆఫ్‌లైన్‌లో, భద్రమైన చోట ఉంది. ఒక ఇంజినీరు కారు వేసుకుని అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. వెళ్లాక కూడా సరైన సర్టిఫికెట్ మొదటిసారికే రాలేదు. రూట్‌ను దాచిపెట్టడం మంచి పద్ధతే. బీరువా తాళం ఎవరి దగ్గరుంది, ఏ ఆదేశాలు ఏ వరుసలో ఇవ్వాలి అన్నవి కాగితం మీద రాసిపెట్టి, ఏడాదికోసారి ఉత్తుత్తిగా చేసి చూసుకోవడం కూడా ఆ పద్ధతిలో భాగమే.

రూట్ తయారుచేసే రోజే తీసుకోవలసిన జాగ్రత్త ఇంకొకటుంది. ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లన్నీ ఈ రూట్‌ను నమ్ముతాయి. కీ చెడ్డచేతుల్లో పడితే ఏ బ్యాంకు పేరుతోనైనా దొంగ సర్టిఫికెట్ పుట్టించవచ్చు. 2014 జులైలో ఢిల్లీలోని ఎన్‌ఐసీ జారీ వ్యవస్థ నుంచి గూగుల్ డొమైన్ల పేరిట అనధికార సర్టిఫికెట్లు బయటపడ్డాయి. అప్పుడు గూగుల్ తన క్రోమ్‌లో భారత ప్రభుత్వ రూట్‌ను `gov.in`, `nic.in` వంటి కొన్ని డొమైన్లకే పరిమితం చేసింది. బయటివాళ్లు గీసిన ఆ గీతను సొంత సీఏకు ముందే గీసుకోవచ్చు. ‘నేమ్ కన్‌స్ట్రెయింట్స్’ అనే నిబంధనతో ఆ రూట్ కింద `corp.internal` పేర్లు తప్ప మరేవీ చెల్లవని రాయవచ్చు.

జారీ సంగతి సులువే. సర్వర్ తన ప్రైవేట్ కీని తనలోనే పుట్టించుకుని, పబ్లిక్ కీతో విన్నపం పంపుతుంది. ప్రైవేట్ కీ ఆ యంత్రం గడప దాటకూడదు. విన్నపం పంపినది నిజంగా ఆ పేరుగల సర్వరేనా అని సీఏ పరీక్షించాలి. 2019లో ప్రమాణంగా ఖరారైన ఆక్మీ అనే ప్రోటోకాల్ ఈ తంతును మనుషుల ప్రమేయం లేకుండా నడిపిస్తుంది. సీఏ ఒక గుర్తు ఇస్తుంది. సర్వర్ దాన్ని తన చిరునామాలో పెట్టి చూపిస్తే, ఆ పేరు దానిదేనని తేలుతుంది. జారీ ఇంత చవకయ్యాక ఒకే వైల్డ్‌కార్డ్‌ను వందచోట్ల కాపీ చేసుకోవడానికి సాకు మిగలదు.

ఇక అసలు పేచీ గడువు దగ్గర. అయిదేళ్లకు ఇచ్చేస్తే పీడా విరగడవుతుందనుకునే వాళ్లున్నారు. అయిదేళ్ల తర్వాత ఆ సర్వర్ పెట్టిన మనిషి కంపెనీలో ఉండడు. ఈలోగా కీ దొంగిలించినవాడికీ అయిదేళ్లు దొరుకుతాయి. అదీగాక, 825 రోజులు మించిన సర్వర్ సర్టిఫికెట్లను ఆపిల్ పరికరాలు సొంత సీఏవైనా సరే అంగీకరించవు. బయటి వెబ్‌సైట్లకు గడువు 2029 నాటికి 47 రోజులకు తగ్గుతుంది. ఆ నియమం లోపలి సీఏకు వర్తించదు, కాబట్టి ఎంత పెట్టుకోవాలో సంస్థే తేల్చుకోవాలి.

హైదరాబాద్‌లో ఒక మధ్యతరహా కంపెనీ, లోపల నలభై సేవలు, రాత్రి డ్యూటీలు లేని ముగ్గురు ఇంజినీర్లు అనుకుందాం. గడువులో మూడింట రెండు వంతులు గడిచాక రెన్యూవల్ మొదలవడం వాడుకలో ఉన్న పద్ధతి. వారం గడువు పెడితే 4 రోజుల 16 గంటలకు రెన్యూవల్. అప్పటికి మిగిలేది 56 గంటలు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి అందరూ ఇళ్లకు వెళ్లగానే సీఏ సర్వర్ పడిపోయిందనుకోండి. సరిగ్గా ఆ వేళకు రెన్యూ కావలసిన సర్టిఫికెట్ సోమవారం తెల్లవారుజామున రెండింటికి చచ్చిపోతుంది. ఉద్యోగులు వచ్చేసరికి సేవ ఉండదు.

పదిహేను రోజులు పెడితే మిగిలేది అయిదు రోజులు. మామూలు వారాంతానికి చాలు. కానీ భోగి బుధవారం పడి, సంక్రాంతి, కనుమలకు శని, ఆదివారాలు కలిసొచ్చిన ఏడాది ఏమవుతుంది? మంగళవారం సాయంత్రం సీఏ ఆగితే ఆదివారం సాయంత్రానికి సర్టిఫికెట్ పోతుంది. ఇంజినీర్లు అప్పటికి ఊళ్ల నుంచి తిరుగు బస్సుల్లో ఉంటారు. ముప్పై రోజులు పెడితే ఇరవయ్యో రోజున రెన్యూవల్, చేతిలో పది రోజులు. ఈ కంపెనీకి అదే తగినది. స్టెప్-సీఏ తనంతట తాను ఇచ్చే గడువు 24 గంటలే. రాత్రింబవళ్లు మనుషులుండి, సీఏ రెండు మూడు యంత్రాల్లో నడిచే చోట అది చక్కగా ఉంటుంది. ఇంకొకరు పెట్టుకున్నారని పెట్టుకుంటే పండగపూట ఫోన్లు మోగుతాయి.

హెచ్చరిక కూడా దీన్నిబట్టే కట్టాలి. ఇరవయ్యో రోజున కావలసిన రెన్యూవల్ ఇరవై రెండో రోజుకూ కాకపోతే అప్పుడే కబురు రావాలి. ‘రేపే ఆఖరు’ అనే సందేశం చూసి చేయగలిగేది తక్కువ.

రెన్యూవల్ జరిగినా సేవ ఆగిపోయే సందర్భం ఒకటుంది, కొత్తవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేదీ అదే. డిస్క్‌లో కొత్త ఫైలు పడుతుంది, లాగ్‌లో విజయం అని ఉంటుంది. కానీ నడుస్తున్న ప్రోగ్రాము మొదలైనప్పుడు చదువుకున్న పాత సర్టిఫికెట్‌నే చూపిస్తూ ఉంటుంది. ఫైలును, పోర్టును వేర్వేరుగా అడిగితే సంగతి తెలుస్తుంది.

```
openssl x509 -in /etc/ssl/payroll.crt -noout -enddate

openssl s_client -connect payroll.corp.internal:443 \
  -servername payroll.corp.internal </dev/null 2>/dev/null \
  | openssl x509 -noout -enddate
```

రెండూ `notAfter=` అంటూ ఒక తేదీ ఇస్తాయి. తేదీలు వేరైతే ప్రోగ్రాము కొత్త ఫైలును చదవలేదన్నమాట. రెన్యూవల్ అయిన వెంటనే `systemctl reload nginx` లాంటి ఆదేశం నడిచేలా కట్టుకుంటే సరి. నిఘా ఎప్పుడూ పోర్టు మీదే ఉండాలి, ఫైలు మీద కాదు.

చివరగా రద్దు. ఒక ల్యాప్‌టాప్ పోయింది, అందులో సర్టిఫికెట్, కీ ఉన్నాయి. సీఏ దగ్గర ‘రద్దు’ నొక్కగానే అది చెల్లకుండా పోతుందని చాలామంది అనుకుంటారు. సీఏ చేసేది ఆ నంబరును సీఆర్ఎల్ అనే జాబితాలో రాయడమే. అవతలి సర్వర్ ఆ జాబితా తెచ్చుకుని చూస్తేనే ఫలితం. చూడమని విడిగా చెప్పకపోతే చాలా సర్వర్లు చూడవు. స్టెప్-సీఏ మామూలుగా చేసేది ఇంకా తక్కువ: రద్దయిన సర్టిఫికెట్‌ను రెన్యూ చేయడానికి నిరాకరించి, దాని గడువు తీరేదాకా వదిలేస్తుంది. గడువు ఒక్కరోజైతే ఇది చాలు. ముప్పై రోజులైతే దొంగకు నెల దొరుకుతుంది. కాబట్టి ఆ కంపెనీ సర్వర్లకు ముప్పై రోజులిచ్చినా, బయట తిరిగే ల్యాప్‌టాప్‌లకు ఒకటి రెండు రోజులకే ఇవ్వడం మేలు. ఉద్యోగి పొద్దున లాగిన్ అయినప్పుడు కొత్తది వస్తుంది. సీఏ పడిపోయినా ఆగేది లాగిన్లే, జీతాల సర్వర్ కాదు.

అంతవరకూ ఆగలేని చోట, ఉదాహరణకు డేటాబేస్ ముందున్న ఎన్‌జిన్ఎక్స్‌లో, `ssl_crl` అనే పంక్తితో జాబితాను చూడమనవచ్చు. ఫైలు మార్చిన ప్రతిసారీ ఇక్కడా రీలోడ్ తప్పదు. ఆ జాబితాకూ ఒక గడువు తేదీ ఉంటుంది. కొత్త ఫైలు రాకుండా ఆ తేదీ దాటితే ఎన్‌జిన్ఎక్స్ దొంగ ల్యాప్‌టాప్‌తో పాటు మిగతా అందరి సర్టిఫికెట్లనూ తిప్పి పంపేస్తుంది. ఆ తేదీ ఎప్పుడో ఈ ఆదేశం చెబుతుంది.

```
openssl crl -in /etc/ssl/corp.crl -noout -nextupdate
```