పొద్దుటి కూర, సాయంత్రం డబ్బా
ఇంటి నుంచి నడిచే క్లౌడ్ కిచెన్‌కి ఒక పేజీ భద్రతా ప్లాన్

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ వంటింట్లో నడిచే చిన్న క్లౌడ్ కిచెన్‌ని ఊహించుకుందాం. భార్యాభర్తలిద్దరూ కలిసి మధ్యాహ్నం పాతిక, రాత్రికి పదిహేను భోజనాలు పంపుతారు. డబ్బాలో అన్నం, టమాటా పప్పు, కోడికూర, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, పెరుగు ఉంటాయి. రెండుసార్లు వండితే గ్యాసూ ఎక్కువే, చాకిరీ ఎక్కువే. అందుకని కోడికూర రెండు పూటలకీ కలిపి వండి పదకొండున్నరకల్లా దించేస్తారు. మధ్యాహ్నం వాటా వెళ్లిపోయాక మిగిలిన కూర అదే గిన్నెలో, మూత పెట్టి గట్టు మీద ఉంటుంది. రాత్రి ఏడింటికి మళ్లీ వేడిచేసి డబ్బాలకెత్తుతారు.

ఇల్లు శుభ్రంగా ఉంది, మాంసం తాజాది, మంచినీళ్లతోనే వంట. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకున్నారు. అయినా ప్రమాదం ఉంది. అది పదకొండున్నరకీ ఏడింటికీ మధ్య ఉన్న ఏడున్నర గంటల్లో దాక్కుని ఉంది.

మరిగించాక కూడా మిగిలేవి

బాగా ఉడికితే క్రిములన్నీ చచ్చిపోతాయని మనకో నమ్మకం. చాలావాటి విషయంలో అది నిజమే. కానీ కోడికూర, వేటకూర లాంటి చిక్కటి పులుసుల్లో కనిపించే క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్, అన్నంలో కనిపించే బాసిల్లస్ సీరియస్ అనే రెండు బ్యాక్టీరియాలు గట్టి పెంకున్న బీజాలుగా మారి మరుగుతున్న గిన్నెలోనూ బతికేస్తాయి. కూర చల్లారుతూ గోరువెచ్చగా అయ్యేసరికి ఆ బీజాలు మొలకెత్తి, గబగబా రెట్టింపవుతూ పోతాయి. 60 డిగ్రీల పైన అవి పెరగలేవు. 5 డిగ్రీల లోపు వాటి పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. ఆ రెండింటి మధ్య కూర ఎంతసేపు ఉంటుందన్నదే అసలు లెక్క.

మళ్లీ మరిగిస్తే సరిపోదా అంటే, పూర్తిగా సరిపోదు. కూరలో పెరిగిన పెర్‌ఫ్రింజెన్స్ చావాలంటే అడుగు నుంచి నడిమధ్య దాకా ప్రతి ముక్కా 75 డిగ్రీలకు చేరాలి. చిక్కటి కూర అంచుల్లో బుడగలు వస్తున్నా మధ్యలో అంత వేడి ఎక్కకపోవచ్చు. అన్నం సంగతి ఇంకా కష్టం. బాసిల్లస్ సీరియస్ అందులో వదిలే వాంతుల విషం మరిగించినా పోదు. వాసనా మారదు, రుచీ మారదు. ముక్కుతో, నాలుకతో పట్టుకోగలిగింది కాదు కాబట్టే గడియారం, థర్మామీటర్ అవసరమవుతున్నాయి.

అడగాల్సిన ప్రశ్న ఒక్కటే

పెద్ద ఆహార కంపెనీలు హెచ్ఏసీసీపీ అనే పద్ధతి పాటిస్తాయి. 1960ల్లో అమెరికాలో వ్యోమగాముల తిండి కోసం పిల్స్‌బరీ కంపెనీ, నాసా, అక్కడి సైన్యం కలిసి దీన్ని తయారుచేశాయి. తయారైన సరుకును పరీక్షించి భద్రమని తేల్చాలంటే అందులో ఎక్కువ భాగం పరీక్షకే ఖర్చయిపోతుందని వాళ్లకు అర్థమైంది. అందుకే తయారీలో ఎక్కడ తప్పు జరగవచ్చో ముందే వెతికి, అక్కడే కాపలా పెట్టారు. ఇంటి కిచెన్‌కి ఆ పద్ధతిలోని కాగితాల బరువు అక్కర్లేదు, అందులోని ఆలోచన చాలు.

ముందుగా కోడికూర నడిచే దారిని వరసగా రాయాలి: కొనడం, ఫ్రిజ్‌లో పెట్టడం, కడిగి కోయడం, వండటం, వేడిగా ఉంచడం, చల్లార్చడం, మళ్లీ వేడిచేయడం, ప్యాకింగ్, డెలివరీ. తర్వాత ప్రతి మెట్టు దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇక్కడ తప్పు జరిగితే తర్వాతి మెట్టులో సరిదిద్దుకోగలమా?

పచ్చి చికెన్‌లో సాల్మొనెల్లా ఉండవచ్చు. సరిగ్గా వండితే అది చస్తుంది. కాబట్టి కొనేచోట జాగ్రత్త చాలు, కాపలా వంట దగ్గర పెట్టాలి. ఉల్లిపాయ ముక్కలు అలా కాదు, వాటిని వండం. చికెన్ కోసిన చెక్క మీదే వాటిని కోస్తే ఆ క్రిమి నేరుగా డబ్బాలోకి వెళ్తుంది. దీనికి కొలతలు అక్కర్లేదు, పనుల వరస మార్చుకుంటే చాలు: ఉల్లిపాయ, నిమ్మకాయ ముందు కోసి మూతపెట్టాకే చికెన్ సంచి విప్పాలి, చికెన్‌కి వేరే చెక్క, వేరే కత్తి పెట్టుకోవాలి. చేతులు కడుక్కోవడం, నీళ్లు, ఈగలు, వండేవాళ్ల చేతి పుండ్లు, ఇలాంటివన్నీ రోజూ పాటించే శుభ్రత కిందికి వస్తాయి.

ఈ వడపోత తర్వాత మన కిచెన్‌లో కాపలా పెట్టాల్సినవి మూడే మిగులుతాయి. వండటం, వేడిగా ఉంచడం, చల్లార్చడం.

మొదటి రెండూ సులువే

కూర దించేముందు గిన్నె మధ్యలోంచి పెద్ద ముక్క ఒకటి తీసి, ఎముకకు తగలకుండా థర్మామీటర్ సూది లోపలికి గుచ్చాలి. 75 డిగ్రీలు చూపాలి. చూపకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఉడికించి మళ్లీ చూడాలి.

వేడిగా ఉంచాల్సినవాటికి హద్దు 60 డిగ్రీలు. పప్పు, కూర గిన్నెలను వేడినీళ్లున్న పెద్ద గిన్నెలో నిలబెట్టి సన్నమంట మీద ఉంచితే ఇది సాధ్యమే. అరగంటకోసారి అడుగు నుంచి కలిపి, గంటకోసారి కొలవాలి. హాట్‌బాక్స్ ఉన్న వేడిని నిలుపుతుందే కానీ కొత్తగా వేడి ఇవ్వదు. ముందు అందులో మరిగే నీళ్లు పోసి, పది నిమిషాలాగి పారబోశాక అన్నం వేయాలి. డబ్బాలో సర్దాక వేడి త్వరగా తగ్గిపోతుంది. అందుకే మూత మీద ప్యాక్ చేసిన టైం రాసి, రెండు గంటల్లో తినమని చెప్పడం కూడా ప్లాన్‌లో భాగమే.

చల్లార్చడమే అసలు చిక్కు

రాత్రి కోసం కూర దాచాలంటే అది 60 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో దిగాలి. అక్కడి నుంచి 5 డిగ్రీలకు ఇంకో నాలుగు గంటల్లో చేరాలి. మొదటి హద్దు బిగుతుగా ఉండటానికి కారణముంది. బ్యాక్టీరియా అన్నిటికంటే వేగంగా పెరిగేది ఆ మధ్యలోనే.

ఇప్పుడు మన ఊళ్ల ఎండ గుర్తుచేసుకోండి. మే నెలలో వంటింట్లోనే 35 డిగ్రీల పైన ఉంటుంది. గదే 35 ఉంటే గట్టు మీద పెట్టిన కూర 21కి ఎన్ని గంటలకైనా దిగదు. ఫ్యాను కింద పెట్టినా, మూత తీసినా అంతే. చల్లారాకే ఫ్రిజ్‌లో పెట్టాలన్న మన ఇళ్లలోని అలవాటు ఈ హద్దుతో కుదరదు. పోనీ ఆ గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో తోస్తే, లోతైన కూర మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. పైగా పక్కనున్న పాలూ పెరుగూ వేడెక్కుతాయి.

మన కిచెన్‌లో దీన్ని ఇలా చేయవచ్చు. మధ్యాహ్నం దాకా ఆగకుండా, 11:30కి కూర దించగానే రాత్రి వాటా మూడు కిలోలు వేరుచేసి రెండు వెడల్పాటి స్టీలు ట్రేలలో పోయాలి. కూర మందం రెండంగుళాలు, అంటే 5 సెంటీమీటర్లు దాటకూడదు. ఐసు ముక్కలు కలిపిన నీళ్ల టబ్బులో ట్రేలను సగం మునిగేలా పెట్టి, శుభ్రమైన గరిటెతో పది నిమిషాలకోసారి కలుపుతూ ఉండాలి. ఐసు కరిగితే మళ్లీ వేయాలి. ఆరోజు నోట్‌బుక్‌లో ఇలా ఉంటుంది:

11:45 – కూర 60, రెండు గంటల లెక్క మొదలు
12:30 – 34, ఐసు మళ్లీ వేశాం
1:20 – 20, మూతపెట్టి ఫ్రిజ్‌లోకి
4:30 – 5

ఒకవేళ 1:45కి కూడా 28 దగ్గరే ఉంటే? ఆ జవాబు ప్లాన్‌లో ముందే రాసి ఉండాలి: వెంటనే 75 డిగ్రీలకు మరిగించి, ఇంకా పలచగా పరిచి, మొదటి నుంచి చల్లార్చాలి. ఇది ఒక్కసారే. రెండోసారి కూడా తప్పితే పారేయాలి. 21 నుంచి 5కి నాలుగు గంటల్లో చేరకపోయినా పారేయాలి. ఏడింటికి ఆర్డర్లు మోగుతుంటే, డెలివరీ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉంటే, మూడు కిలోల కూర పారేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఆ నిర్ణయం తీరిగ్గా ఉన్నప్పుడే తీసుకుని, కాగితం మీద పెట్టి, గోడకు అంటించాలి. ప్లాన్ అంటే ముఖ్యంగా ఇదే.

అన్నానికి ఇంత తతంగం అక్కర్లేదు. దాన్ని దాచడమే మానేసి రాత్రికి మళ్లీ వండాలి. ప్రమాదానికి కాపలా కాయడం కంటే ఆ మెట్టునే తీసేయడం మేలు. నిజానికి రోజూ ఐసుతో కుస్తీ పట్టడం కంటే, మసాలా పొద్దున్నే సిద్ధం చేసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, రాత్రి కూరను సాయంత్రం విడిగా వండుకోవడం ఈ దంపతులకు తేలిక కావచ్చు. అలా చేస్తే చల్లార్చడం ప్లాన్‌లోంచే పోతుంది.

ఆ ఒక్క పేజీలో ఏముండాలి

ఒక్కో కాపలా మెట్టుకు ఐదు విషయాలు రాస్తే చాలు: ఏం జరగవచ్చు, హద్దు ఎంత, ఎవరు ఎప్పుడు కొలవాలి, హద్దు తప్పితే ఏం చేయాలి, ఎక్కడ రాయాలి. వండటం గడిలో ఇలా ఉంటుంది: చికెన్‌లో క్రిములు మిగలడం, 75 డిగ్రీలు, వండినవాళ్లు, ప్రతి గిన్నెకూ దించేముందు, తప్పితే ఇంకా ఉడికించి మళ్లీ కొలవాలి, నీలం నోట్‌బుక్.

ఈ ప్లాన్ అంతా ఆధారపడేది థర్మామీటర్ మీద కాబట్టి దాన్ని వారానికోసారి పరీక్షించాలి. గ్లాసు నిండా నలగ్గొట్టిన ఐసు వేసి, మునిగేదాకా నీళ్లు పోసి సూది పెడితే సున్నా చూపాలి. మరిగే నీళ్లలో విజయవాడలో 100 చూపితే, సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున్న హైదరాబాద్‌లో 98 దగ్గర చూపుతుంది. అది థర్మామీటర్ తప్పు కాదు. ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు మార్చేటప్పుడు సూదిని తుడిచి శుభ్రం చేయాలి.

ఎవరైనా ఫోన్ చేసి తిన్నాక ఒంట్లో బాగాలేదని చెబితే, ఏ టైంకి తిన్నారో, ఎప్పుడు మొదలైందో, వాంతులా విరేచనాలా అన్నది అడిగి రాసుకోవాలి. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లో వాంతులైతే ముందు అన్నం పేజీ తిప్పాలి, వండేవాళ్ల చేతి పుండ్లనూ చూడాలి. ఆరు గంటలు దాటాక, మర్నాటిలోగా కడుపునొప్పి, విరేచనాలు మొదలైతే కూర ఎలా చల్లారిందో చూడాలి. ఇవి రోగనిర్ధారణ కావు, అది డాక్టరు పని. ఏ మెట్టు దగ్గర వెతకాలో మాత్రం ఇవి చెబుతాయి.

ప్లాన్ రాసినప్పటి వంటకూ, దాని కొలతకూ మాత్రమే అది పనికొస్తుంది. మూడు కిలోల కూరను రెండు ట్రేలు చల్లార్చాయని, అరవై మంది గృహప్రవేశం ఆర్డరుకు పన్నెండు కిలోలను అదే టబ్బులో పెడితే ఐసు చాలదు, ఫ్రిజ్ చాలదు. కొత్త వంటకం చేర్చినా, గిన్నె సైజు మారినా, డెలివరీ దూరం పెరిగినా ఒప్పుకునేముందు ఆ పేజీ మళ్లీ చదివి, హద్దులు నిలబడతాయో లేదో ఒకసారి వండి కొలిచి చూడాలి. నిలబడవని తేలితే, ఆ ఆర్డరు వదులుకోవడమే సరైన నిర్ణయం.